ఊరి కుంటతో ఆహార గొలుసులు, ఆహార జాలకం: 7, 8 తరగతులకు ఐదు పీరియడ్ల పాఠ్య ప్రణాళిక

గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద. ఆహార గొలుసు అనగానే ఏ బడిలోనైనా పిల్లలు ఈ ఐదు పేర్లనూ ఊపిరి తిప్పుకోకుండా చెప్పేస్తారు. వాళ్లను ఆపి, "మీలో కప్ప మిడతను తింటుండగా చూసినవారెవరు?" అని అడిగితే తరగతి నిశ్శబ్దమైపోతుంది. పిల్లలు అప్పజెప్పినది ఒక జాబితానే తప్ప తాము గమనించిన సంబంధం కాదు. అందుకే ఈ ప్రణాళిక మొత్తాన్నీ ఒకే నియమం మీద నిలబెట్టాను: సాక్ష్యం లేని బాణాన్ని ఎవరూ గీయకూడదు. "కొంగ చేపను తింటుంది" అని రాయాలంటే ఆ పిల్లవాడు దాన్ని కళ్లతో చూసి ఉండాలి, లేదా చూసినవారిని అడిగి ఉండాలి, లేదా తిన్న ఆనవాలు సంపాదించి ఉండాలి. ఈ నియమం వల్ల జాలకం చిన్నదవుతుంది. అయితే అందులోని ప్రతి గీత గురించీ పిల్లలు మాట్లాడగలుగుతారు.

పాఠానికి 45 నిమిషాల పీరియడ్లు ఐదు కావాలి. అందులో రెండు వరుసగా కుంట గట్టున జరుగుతాయి. వీటికి ముందు మూడు వారాలపాటు నీళ్లలో ఉంచవలసిన ఆకుల సంచులు ఉన్నాయి కనుక ఏర్పాట్లు ముందుగానే మొదలుపెట్టాలి.

ఏ కుంట, ఏ కాలం

పెద్ద చెరువు కంటే ఐదారెకరాల చిన్న కుంట మేలు. గట్టున నిలబడితే అవతలి ఒడ్డున వాలిన పిట్ట ఏమిటో పోల్చుకోగలగాలి. నీరు లోతుగా ఉన్న కట్ట వైపు కాకుండా, నీరు వచ్చి చేరే పల్లపు వైపు తుంగ, జమ్ము పెరిగి, అడుగు లోతు నీరు నిలిచిన చోటును ఎంచుకోవాలి. తోకకప్పలు, నత్తలు, తూనీగ పిల్లపురుగులు ఉండేది అక్కడే.

అక్టోబరు చివరి నుంచి జనవరి దాకా అనువైన కాలం. వానలకు కుంట నిండి, బురద అడుగుకు దిగి, నీరు తేటపడి ఉంటుంది. చలికాలపు పిట్టలు కూడా చేరతాయి. తోకకప్పలు మాత్రం వానలు కురిసే నెలల్లోనే ఎక్కువగా దొరుకుతాయి. అవి తప్పక కావాలనుకుంటే సెప్టెంబరులోనే వెళ్లి, మసకనీటితో సర్దుకోవాలి. మార్చి దాటాక వెళితే నీరు ఇంకిపోతూ ఉంటుంది. ఆ సమయంలో కొంగలన్నీ మడుగు చుట్టూ గుమిగూడి తింటూ కనిపిస్తాయి, చూడటానికి బాగుంటుంది కానీ మిగిలిన జాలకం అప్పటికే చెదిరిపోయి ఉంటుంది.

పూడిక తీసిన కుంటల విషయంలో ఒక హెచ్చరిక. మట్టి తవ్విన చోట ఒడ్డు నుంచి రెండు అడుగులు వేయగానే నిలువెత్తు గొయ్యి ఉండవచ్చు, పైనుంచి చూస్తే అది కనిపించదు. అందువల్ల పిల్లలను తీసుకెళ్లడానికి ముందు రోజు మీరే పొడవాటి వెదురు కర్రతో ఒడ్డు వెంబడి లోతు కొలవండి, మోకాలి లోతు దాటని 20 మీటర్ల ఒడ్డును గుర్తించి, రెండు కొసలా కర్రలు పాతి తాడు కట్టండి. పిల్లలు నీళ్లలోకి దిగరు. గట్టున కూర్చునే వల చాస్తారు. పదిమంది పిల్లలకు ఒక పెద్ద మనిషి ఉండాలి, వారిలో ఒకరికైనా ఈత వచ్చి ఉండాలి. చేతికి పుండో గాయమో ఉన్న పిల్లలకు నీళ్లు ముట్టే పని కాక రాసే పని ఇవ్వండి. తిరిగి వచ్చాక అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

కుంటలో చేపల హక్కు మత్స్యకారుల సంఘానిదైతే వారికి ముందే చెప్పి అనుమతి తీసుకోవాలి. ఇది మర్యాద కోసం మాత్రమే కాదు. ఆ కుంట గురించి ఎక్కువ తెలిసినవారు వాళ్లే, పాఠంలో వారి సాక్ష్యం మనకు కావాలి.

మూడు వారాల ముందు: ఆకుల సంచులు

కుళ్లబెట్టే జీవులను ఏ పాఠ్యప్రణాళికైనా చివర్లో ఒక వాక్యంతో ముగిస్తుంది, ఎందుకంటే అవి కంటికి కనిపించవు. వాటి పనిని మాత్రం చూపించవచ్చు. ఒడ్డున పెరిగే కానుగ చెట్టు ఎండుటాకులను ఏరి, పదేసి ఆకుల చొప్పున రెండు కట్టలు చేయండి. ఒక కట్టను దోమతెర గుడ్డతో కుట్టిన సంచిలోనూ, రెండోదాన్ని వేలు దూరేంత కన్నులున్న పాత చేపల వల ముక్కలోనూ మూటగట్టండి. ఒక్కొక్కదానిలో చిన్న రాయి వేసి, రెండింటినీ ఒకే కర్రకు కట్టి, అడుగు లోతు నీళ్లలో ముంచి ఉంచండి. మరో పది ఆకులను తరగతి గదిలో కాగితంలో చుట్టి దాచండి, పోల్చడానికి అవి కావాలి.

దోమతెర సంచిలోకి నత్తలు, పెద్ద పురుగులు వెళ్లలేవు, కంటికి కనబడని సూక్ష్మజీవులు వెళ్లగలవు. వల సంచిలోకి అన్నీ వెళతాయి. మూడు వారాల తరవాత రెండూ నల్లబడి మెత్తబడతాయి. చాలాసార్లు వల సంచిలోని ఆకులే ఎక్కువగా చిరిగి, ఈనెలు బయటపడి కనిపిస్తాయి. రెండూ ఒకేలా ఉంటే ఆ చోట నత్తలు తక్కువని అర్థం, ప్రయోగం తప్పిందని కాదు.

మొదటి పీరియడు: బాణం ఎటు చూస్తుంది

ఈ పీరియడులో కొత్త విషయం ఏదీ చెప్పకండి. తెల్ల కాగితం ఇచ్చి, "మన కుంటలో ఎవరు ఎవరిని తింటారో బొమ్మ వేసి బాణాలు గీయండి" అని మాత్రం అడగండి. పది నిమిషాలు చాలు. ఆ కాగితాలను దిద్దకుండా దాచిపెట్టండి, చివరి రోజు అవి తిరిగి పిల్లల చేతికే వస్తాయి.

సగం మంది, కొన్ని తరగతుల్లో అంతకంటే ఎక్కువ మంది, బాణాన్ని తలకిందులుగా గీస్తారు. కొంగ నుంచి చేప వైపు గీత వస్తుంది. అది తెలివితక్కువతనం కాదు. కొంగ ముక్కు చేప వైపు వెళుతుంది కదా, పిల్లలు ఆ కదలికనే గీశారు. మన బాణం వేటను చూపదు, ఆహారం ఎటు పోయిందో చూపుతుంది. దీన్ని నిర్వచనంగా చెబితే మరుసటి రోజుకు మరచిపోతారు. నేను ఒక అరటిపండు తెచ్చి, ఒక పిల్లవాణ్ణి పిలిచి తినమంటాను. తరవాత తరగతిని అడుగుతాను: "పండు ఇప్పుడెక్కడుంది?" "వాడి పొట్టలో, సార్." "అయితే పండు దగ్గర మొదలైన బాణం ఎక్కడ ఆగాలి?" ఇక ఆ రోజు నుంచి బాణం తప్పినప్పుడల్లా "పండు ఎక్కడికి పోయింది?" అని అడిగితే చాలు, వాళ్లే దిద్దుకుంటారు.

సూర్యుణ్ణి ఏం చేయాలన్నది ఇక్కడే తేల్చుకోవడం మంచిది. సూర్యుణ్ణి ఎవరూ తినరు. కాబట్టి సూర్యుడి నుంచి మొక్కలకు వచ్చే బాణాన్ని పసుపు సుద్దతో, తినే బాణాలను తెల్ల సుద్దతో గీయాలి. మొక్కలు బురదను తింటాయని పిల్లలు గట్టిగా నమ్ముతారు. బురదలోంచి ఖనిజ లవణాలు మాత్రమే వస్తాయనీ, ఆహారాన్ని మొక్క తన ఆకులోనే ఎండతోనూ గాలితోనూ నీటితోనూ చేసుకుంటుందనీ ఇక్కడ ఒక్కసారి గుర్తు చేసి ముందుకు సాగండి.

రెండు, మూడు పీరియడ్లు: గట్టు మీద

ఉదయం మొదటి రెండు పీరియడ్లే తీసుకోండి. ఎండ ముదిరితే పిట్టలు నీడకు చేరతాయి, పిల్లలూ చేరతారు.

ఖరీదైన పరికరాలేవీ అక్కరలేదు. టీ వడపోసే పెద్ద జాలీని మీటరు పొడవు కర్రకు బిగించి కడితే వల సిద్ధం. తెల్లటి ప్లాస్టిక్ డబ్బాలు, పాత ఐస్‌క్రీం డబ్బాలైనా సరే, చాలా అవసరం. స్టీలు పళ్లెంలో ఎండ మెరిసి పురుగులు కనబడవు, తెలుపు మీద మాత్రం ఆవగింజంత జీవి కూడా స్పష్టంగా కదులుతుంది. జట్టుకొక భూతద్దం, ఒక బక్కెట్టు, ఒక గజం పలుచని తెల్ల నూలు గుడ్డ ఉంటే సరిపోతుంది.

పిల్లలను ఆరేసి మందిగా విడదీసి మూడు రకాల పనులు అప్పగించండి. మొదటి రకం జట్లు పిట్టలను చూస్తాయి. ఒక పిట్టను ఎంచుకుని పది నిమిషాలపాటు దాన్నే గమనించాలి, ఇంకో పిట్ట వైపు చూపు మళ్లించకూడదు. గుడ్డికొంగ ఒడ్డున కదలకుండా నిలబడి ఉంటుంది కనుక కొత్తవారికి అదే అనువైనది. అది ముక్కు పొడిచిన ప్రతిసారీ గీత గీయాలి, ఏదైనా దొరికితే అది చేపో, కప్పో, పురుగో రాయాలి, పోల్చుకోలేకపోతే "తెలియలేదు" అని రాయాలి. ఆ "తెలియలేదు" అన్న మాటకు మార్కులు తగ్గవని ముందే చెప్పండి, లేకపోతే ప్రతి పొడుపుకూ ఒక చేప పుట్టుకొస్తుంది. లకుముకిపిట్ట వాలే కొమ్మ కనిపిస్తే దాని కింద నేలను వెతకమనండి. అది జీర్ణం కాని ముళ్లను, పెంకులను ఉండలా కక్కేస్తుంది. అలాంటి ఎండిన ఉండ ఒకటి దొరికి, నీళ్లలో విప్పితే చేప ముళ్లు బయటపడతాయి. ఒక్క రోజులో దొరకగల సాక్ష్యాల్లో అంతకు మించినది లేదు.

రెండో రకం జట్లు ఒడ్డున జాలీతో గాలిస్తాయి. గడ్డి మొదళ్ల దగ్గర జాలీని అటూ ఇటూ ఐదుసార్లు ఆడించి, డబ్బాలోని తేట నీళ్లలో బోర్లించాలి. మొదట ఏమీ కనబడదు. నిమిషం ఆగితే బురద కుదురుకుని, కదిలేవి బయటపడతాయి: నత్తలు, చిన్న రొయ్యలు, తోకకప్పలు, దోమ లార్వాలు, ఆరు కాళ్లతో బురద రంగులో పాకే తూనీగ పిల్లపురుగులు. ఈ చివరిదాన్ని పిల్లలు తూనీగ అంటే నమ్మరు, ఎందుకంటే దానికి రెక్కలుండవు, మొహం కింద మడతపెట్టిన పొడవాటి దవడ ఉంటుంది, ఎర దగ్గరికి రాగానే దాన్ని విసిరినట్లు చాచి పట్టుకుంటుంది.

ఈ పురుగు గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి. మొదటి సంవత్సరం చూడవలసినవన్నీ ఒకే సీసాలో పోసుకుని బడికి తెచ్చాను: ఏడు తోకకప్పలు, రెండు తూనీగ పిల్లపురుగులు. మర్నాడు ఉదయం పిల్లలతో కలిసి లెక్కపెడితే తోకకప్పలు మూడే మిగిలాయి. ఒక పిల్లపురుగు నాలుగోదాని తోకను ఇంకా నోట కరుచుకుని ఉంది. ఒక అమ్మాయి ఏడుపు మొహం పెట్టింది. నా అజాగ్రత్త వల్ల జరిగినా, తూనీగ పిల్లపురుగు తోకకప్పను తింటుందన్న బాణానికి అంతకంటే గట్టి సాక్ష్యం ఇప్పటిదాకా ఏ తరగతికీ దొరకలేదు. ఇప్పుడు మాత్రం వేటాడే జీవులను వేరే డబ్బాలో వేసి, చూసిన అరగంటలో అన్నింటినీ పట్టిన చోటే వదిలిపెట్టిస్తున్నాను.

మూడో రకం జట్టుకు నీటి పని. బక్కెట్టుతో పది లీటర్ల నీటిని ముంచి, నూలు గుడ్డలో మెల్లగా వడపోసి, గుడ్డను లోపలి వైపు తిప్పి అరగ్లాసు తేట నీళ్లలో కడగాలి. ఆ గ్లాసును వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఎగిరెగిరి పడే తెల్లని చుక్కలు కనిపిస్తాయి. అవే నీటి ఈగలు, అంటే డాఫ్నియా వంటి జంతు ప్లవకాలు. గుడ్డకు అంటిన పచ్చని జిగట కంటికి ఆనని వృక్ష ప్లవకం. బడిలో సూక్ష్మదర్శిని ఉంటే ఒక చుక్కను దాని కింద పెట్టండి, లేకపోతే ఆ పచ్చని మరక చాలు. కుంటకు మొత్తం బువ్వ పెట్టేది ఎక్కువగా ఈ మరకేనని, తామరాకులు కావని పిల్లలకు ఇక్కడే చెప్పాలి. ఈ ఒక్క మాటను వాళ్లు నమ్మడానికి చాలా సమయం పడుతుంది, ఎందుకంటే తామర కనిపిస్తుంది, ఇది కనిపించదు.

తిరిగి వచ్చే ముందు ఆకుల సంచులను పైకి తీసి, ఒక్కొక్కదాన్ని వేరే డబ్బాలో విప్పి, గదిలో దాచిన ఆకులతో పోల్చి చూడండి.

అడిగి తెలుసుకునే సాక్ష్యం

గట్టు మీద గంటన్నరలో కనబడేవి కొన్నే. చేపల తిండి అసలు కనబడదు. అందుకే మూడో పీరియడుకూ నాలుగో పీరియడుకూ మధ్య రెండు రోజుల వ్యవధి ఇచ్చి, జట్టుకొక ఇంటి పని అప్పగించండి. చేపలు పట్టేవారిని కలిసి "కొర్రమీను ఏం తింటుంది?" అని అడగకూడదు, "కొర్రమీనును గాలంతో పట్టడానికి ఏం ఎర పెడతారు?" అని అడగాలి. మొదటి ప్రశ్నకు అభిప్రాయం వస్తుంది, రెండోదానికి అనుభవం వస్తుంది. బతికిన చిన్న చేపనో, చిన్న కప్పనో గుచ్చుతామని చెబుతారు. అది బాణానికి సరిపడే సాక్ష్యం.

ఇంట్లో చేపలు తినేవారుంటే మరో మార్గం ఉంది. కుంటలో పట్టిన చేపను కోయించేటప్పుడు పేగులను పారేయకుండా ఒక కవరులో తెమ్మనండి, పెద్దల సాయంతో తెల్ల డబ్బాలో పరిచి చూడనివ్వండి. తెలంగాణలో రవ్వ అనీ, గోదావరి వైపు శీలావతి అనీ పిలిచే రోహు చేప పేగు చేప పొడవుకు ఎన్నో రెట్లుండి చుట్టలు చుట్టుకుని ఉంటుంది, లోపల పచ్చని నలుసు ఉంటుంది. కొర్రమీనుది పొట్టి పేగు, ముందు కండగల సంచిలాంటి జీర్ణాశయం ఉంటుంది, అందులో రొయ్య పెంకో చిన్న చేప ముల్లో దొరకవచ్చు. మొక్క తిండి అరగడానికి ఎక్కువ దూరం, ఎక్కువ సమయం కావాలన్న సంగతి పక్కపక్కనే పెట్టిన రెండు పేగులు చెప్పేస్తాయి. అంగడిలో కొన్న చేప మాత్రం పనికిరాదు. అది కైకలూరు, భీమవరం వైపు చెరువుల్లో పెంచినదైతే దాని పేగులో కనిపించేది తవుడు. మాంసం ముట్టని ఇళ్ల పిల్లలకు ఈ పని ఇవ్వకండి, గట్టు మీది సాక్ష్యాలను శుభ్రంగా రాసే పని ఇవ్వండి.

నాలుగో పీరియడు: గొలుసులను జాలకంగా కట్టడం

ఇప్పుడు పోస్టుకార్డంత అట్టముక్కల మీద జీవుల పేర్లు రాయించండి. పదహారు, పద్దెనిమిది దాటనివ్వకండి. మా కుంటకు వచ్చిన పేర్లు ఇవి: వృక్ష ప్లవకం, నాచు, తుంగ, కుళ్లిన ఆకులు, నీటి ఈగ, నత్త, దోమ లార్వా, దోమ, తోకకప్ప, కప్ప, తూనీగ పిల్లపురుగు, తూనీగ, పరిగె చేప, రోహు, కొర్రమీను, గుడ్డికొంగ, నీరుకట్టె పాము, మనిషి.

తోకకప్పకూ కప్పకూ వేర్వేరు అట్టలు ఎందుకని పిల్లలు అడుగుతారు, అడగాలి. తోకకప్ప నాచును గీరి తింటుంది, ఆ లెక్కన అది ప్రాథమిక వినియోగదారు. అదే కప్పగా మారాక పురుగులను తింటుంది కనుక ద్వితీయ వినియోగదారు అవుతుంది. ఒకే జీవి వయసుతోపాటు గొలుసులో తన చోటు మార్చుకుంటుంది. తూనీగ పిల్లపురుగు నీళ్లలో దోమ లార్వాను తింటుంది, రెక్కలొచ్చాక గాలిలో దోమను తింటుంది. కాబట్టి ఒక అట్ట అంటే ఒక జాతి కాదు, ఒక తిండి. పెరుగుదలను మాత్రం చుక్కల గీతతో కలపండి, దానికి బాణం గుర్తు పెట్టకండి. ఈ చిన్న మార్పుతోనే పాఠ్యపుస్తకపు జాలకం కంటే మీ జాలకం నిజానికి దగ్గరవుతుంది.

ముందుగా ఒక్కొక్క జట్టు తన సాక్ష్యాలతో ఒకటి రెండు గొలుసులు నేల మీద పేర్చాలి. ఉదాహరణకు: వృక్ష ప్లవకం → నీటి ఈగ → పరిగె → కొర్రమీను → మనిషి. మరొకటి: నాచు → తోకకప్ప → తూనీగ పిల్లపురుగు → గుడ్డికొంగ. తరవాత అందరూ వలయంగా నిలబడి, మెడలో అట్ట వేసుకుని, తిన్నవారి నుంచి కాకుండా తినబడినవారి నుంచి పురికొసను అందించుకుంటూ పోవాలి. ప్రతి దారానికీ తరగతి "సాక్ష్యం?" అని అడుగుతుంది, ఇచ్చేవాడు "చూశాం", "అడిగాం", "ఆనవాలు దొరికింది" అన్న మూడు మాటల్లో ఒకటి చెప్పాలి. ఏదీ చెప్పలేకపోతే దారం ఆగిపోతుంది. పుస్తకంలో మాత్రమే ఉన్నవాటిని బోర్డు మీద వేరుగా రాసి ఉంచండి, అవి వచ్చే ఏడాది పిల్లలు వెతకవలసిన బాణాలు.

కుళ్లబెట్టే సూక్ష్మజీవులను ఎక్కడ నిలబెట్టాలి? చాలా బొమ్మల్లో వాటిని గొలుసు కొసన, గద్ద తరవాత పెడతారు. దానివల్ల పిల్లలు గద్ద చనిపోయాకే అవి పని మొదలుపెడతాయనుకుంటారు. ఆకుల సంచిని చూసిన పిల్లలు ఆ తప్పు చేయరు. చచ్చిన ప్రతి జీవి నుంచీ, రాలిన ప్రతి ఆకు నుంచీ, రెట్ట నుంచీ వాటి వైపు దారం పోతుంది. అందుకే ఆ అట్ట వేసుకున్న పిల్లవాణ్ణి వలయం మధ్యలో కూర్చోబెట్టండి. అక్కడి నుంచి దారం మళ్లీ బయటికి కూడా వస్తుంది. కుళ్లిన ఆకును, దానికి అంటిన సూక్ష్మజీవులతో సహా, నత్త తింటుంది, అడుగు బురదను తినే మోసు చేప తింటుంది.

ఐదో పీరియడు: ఒకటి తీసేస్తే

పురికొస ఆటలో సాధారణంగా చేసేది ఇది: ఒకరు దారం వదిలేస్తారు, దారం సడలినట్లు అనిపించిన వారందరూ కూర్చుంటారు, చివరికి అందరూ కూర్చుంటారు. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది కానీ ఇందులో ఒక తప్పు పాఠం దాగి ఉంది. ఎవరిని తీసేసినా అందరూ నశిస్తారని పిల్లలకు అర్థమవుతుంది. నిజానికి తినేవాడు పోతే తినబడేది పెరుగుతుంది. అందుకే ఆటను ఐదు నిమిషాల్లో ముగించి, బోర్డు మీద పైకీ కిందకీ గుర్తులు వేసే పద్ధతికి రండి.

కొర్రమీనును తీసుకుందాం. తెలంగాణ రాష్ట్ర చేప కూడా అదే కనుక పిల్లలకు ఆసక్తి ఉంటుంది. వేసవిలో కుంట అడుగంటినప్పుడు కొర్రమీనులన్నింటినీ పట్టేశారనీ, పరిగెలు మాత్రం మిగిలి మళ్లీ వానలకు పెరిగాయనీ అనుకుందాం. కొర్రమీను కింద "తగ్గింది" అని రాయండి. దానికి తిండి అయిన పరిగెలు? వాటిని తినేవారు తగ్గారు కనుక పెరుగుతాయి. పరిగెలు పెరిగితే అవి తినే నీటి ఈగలు తగ్గుతాయి. నీటి ఈగలు తగ్గితే అవి వడపోసి తినే వృక్ష ప్లవకం పెరుగుతుంది. అంటే ఒక చేపను పట్టినందుకు కుంట నీరు మరింత పచ్చబడవచ్చు. ఇంతవరకు పిల్లల చేతనే చెప్పించండి. ప్రతి మెట్టుకూ గుర్తు మారుతూ వస్తుందని వాళ్లే కనిపెడతారు.

ఇప్పుడు "ఖచ్చితంగా ఇలాగే జరుగుతుందా?" అని అడగండి. పరిగెలను గుడ్డికొంగా, నీరుకట్టే కూడా తింటాయని బోర్డు మీది జాలకంలో ఉంది. పరిగెలు పెరిగితే ఆ కుంటకు కొంగలు ఎక్కువగా రావచ్చు, అప్పుడు పెరుగుదల ఆగిపోవచ్చు. పరిగెలు నీటి ఈగలనే కాదు, నాచును కూడా తింటాయి, అది మరో దారి. గొలుసు ఒకే సమాధానం చెబుతుంది, జాలకం రెండు మూడు చెబుతుంది. ఏది నిజమో తేలాలంటే మళ్లీ గట్టుకే పోవాలి. గొలుసుకూ జాలకానికీ ఉన్న తేడా నిర్వచనంలో కంటే ఈ పది నిమిషాల చర్చలోనే పిల్లలకు పట్టుబడుతుంది.

ఎవరైనా పిల్లవాడు గుర్రపుడెక్క సంగతి అడుగుతాడు. కుంటంతా అది కప్పేస్తే జాలకంలో ఏ బాణం మారుతుంది? అక్కడ దాన్ని తినేవారు దాదాపు లేరు కనుక బాణాల్లో అది ఒక మూలన ఉంటుంది. అయినా కుంటను మార్చేస్తుంది, ఎందుకంటే నీళ్ల మీద నీడ పరచి, కింది వృక్ష ప్లవకానికి ఎండ అందకుండా చేస్తుంది, నీటిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. ఆహార జాలకం ఎవరు ఎవరిని తింటారో మాత్రమే చెబుతుంది, నీడనూ ఊపిరినీ చెప్పదు. ఈ పరిమితిని దాచకుండా చెప్పండి.

గొలుసులు నాలుగైదు మెట్లకు మించి ఎందుకు సాగవన్న ప్రశ్నకు పీరియడులో మిగిలిన పావుగంట వాడండి. లీటరు సీసా నిండా రంగునీళ్లు తీసుకుని అది వృక్ష ప్లవకంలోని శక్తి అనండి. అందులోంచి 100 మిల్లీలీటర్లను గ్లాసులో పోస్తే అది నీటి ఈగలకు చేరింది. దానిలోంచి 10 మిల్లీలీటర్లను సూది లేని సిరంజితో తీస్తే పరిగెకు, అందులోంచి 1 మిల్లీలీటరు కొర్రమీనుకు. మిగిలినదంతా ఈదడానికీ, ఒళ్లు నడపడానికీ ఖర్చయి వేడిగా పోయింది, లేదా తినకుండానో అరగకుండానో మిగిలి కుళ్లబెట్టేవాటికి చేరింది. కొర్రమీనును తినే మనిషికి ఎంత వస్తుందో చూపమంటే, ఒక చుక్కకు రెండింతలు మాత్రమే అని పిల్లలు సిరంజి కొస చూపిస్తారు. పదో వంతు అన్నది 1942లో రేమండ్ లిండెమన్ అమెరికాలోని ఒక చిన్న సరస్సు మీద చేసిన పని నుంచి వాడుకలోకి వచ్చిన ఉజ్జాయింపు, నియమం కాదు. జీవులను బట్టి అది సుమారు 5 నుంచి 20 శాతం వరకు మారుతుంది. పరీక్షలో 10 శాతం అని రాయమనండి, అది సగటు మాట అని కూడా చెప్పండి.

మూల్యాంకనం

మొదటి పీరియడులో దాచిన కాగితాలను తిరిగి ఇచ్చి, ఎర్ర పెన్నుతో తమ బొమ్మను తామే దిద్దుకోమనండి. ఎన్ని బాణాలు తిప్పారు, ఎన్ని కొత్తవి కలిపారు, ఎన్నింటి పక్కన సాక్ష్యం రాశారు అన్నవి మూడే చూడండి.

ఆ తరవాత కుంటకు సంబంధం లేని ఒక ప్రశ్న ఇవ్వండి: వరి పొలంలో వరి, ఎలుక, జెర్రిపోతు, గుడ్లగూబ ఉన్నాయి. ఊళ్లో వాళ్లు పాములన్నింటినీ చంపేశారు. ఏమవుతుంది? "ఎలుకలు పెరుగుతాయి, వరి తగ్గుతుంది" అన్నవాడు గొలుసు నేర్చుకున్నాడు. "ఎలుకలు పెరుగుతాయి, కానీ గుడ్లగూబ కూడా ఎలుకలను తింటుంది కాబట్టి ఎంత పెరుగుతాయో గుడ్లగూబలు ఎన్ని ఉన్నాయో చూడాలి" అన్నవాడు జాలకం నేర్చుకున్నాడు. "అన్నీ చచ్చిపోతాయి" అని రాసినవాడు పురికొస ఆటను మాత్రమే గుర్తుపెట్టుకున్నాడు. అతన్ని కొర్రమీను ఉదాహరణ దగ్గరికి మళ్లీ తీసుకెళ్లి, పైకీ కిందకీ గుర్తులను అతని చేతనే వేయించండి. "పాములు పోతే వరికి ఏమీ కాదు, పాము వరిని తినదు కదా" అనే సమాధానం కూడా ఒకటి రెండు కాగితాల్లో తప్పక వస్తుంది. పక్కపక్కన ఉన్న రెండు మెట్ల మధ్యే ప్రభావం ఉంటుందని ఆ పిల్లలు అనుకుంటున్నారు. వారితో వృక్ష ప్లవకం నుంచి కొర్రమీను దాకా నలుగురిని వరసగా నిలబెట్టి దారం పట్టించి, కొసన లాగితే మొదట్లో ఉన్నవాడి చేయి కదులుతుందో లేదో చూడమనండి.